ఫెయిల్ చేసే ముందు ఆ పిల్లాడి చేత తెలుగులో లెక్క చెప్పించండి

ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పిన పిల్లల్ని మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టే అధికారం, ఎవరినీ ఆపకూడదన్న విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణతో రాష్ట్రాల చేతికొచ్చింది. మహారాష్ట్ర 2023లో తన నిబంధనలు మార్చుకుంది. మరుసటి ఏడాది కేంద్రం కూడా తన బడుల్లో అదే అమలుచేసింది. ఆ చర్చంతా పాఠకులు చూసిందే. కాళేశ్వరానికి ఎదురుగా, ప్రాణహిత అవతలి ఒడ్డున మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉన్న సిరొంచ తాలూకా పిల్లలకు ఈ మార్పు ఏం చేస్తుందన్నది మాత్రం ఎవరూ అడగలేదు. అక్కడ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. అలాంటి పిల్లాణ్ని ఐదులో ఆపేస్తే అతనికి చదువు రాదు, ఉన్న చదువు మీద మనసు కూడా విరిగిపోతుంది.

ఆపాలనేవారి వాదన నాకు తెలుసు. పరీక్ష భయం పోయాక పిల్లలు పుస్తకం తీయడం మానేశారని, పంతుళ్లకూ పట్టింపు తగ్గిందని అంటారు. పల్లె బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది రెండో తరగతి పాఠం కూడా చదవలేకపోతున్నారని 2018 ‘అసర్’ సర్వే చెప్పింది. ఆ బాధ నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఐదులో చదవలేని పిల్లాడు ఒకటి, రెండు తరగతుల్లోనే వెనకబడ్డాడు. మూడేళ్లు ఎవరూ పట్టించుకోని లోటుకు శిక్ష మాత్రం పదేళ్ల పసివాడికి వేస్తున్నాం.

‘మళ్లీ అదే తరగతి చదివాక మా వాడికి మార్కులు పెరిగాయి’ అని తల్లిదండ్రులు చెబుతుంటారు. పెరుగుతాయి, ఎందుకంటే అవే పాఠాలు రెండోసారి విన్నాడు, పక్కన కూర్చున్నవాళ్ల కంటే ఏడాది పెద్దవాడు. వాణ్ని పోల్చాల్సింది ఆ చిన్నవాళ్లతో కాదు. వాడిలాగే తక్కువ మార్కులు వచ్చినా పై తరగతికి వెళ్లిపోయిన తన ఈడు పిల్లలతో పోల్చాలి. కాస్తలో గట్టెక్కిన పిల్లలనూ, కాస్తలో తప్పిన పిల్లలనూ పక్కపక్కన పెట్టి కొన్నేళ్లు గమనించిన పరిశోధనలు ఆ పనే చేశాయి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం మూడో తరగతిలో చదవలేని పిల్లల్ని ఆపడం 2003లో మొదలుపెట్టింది. మొదటి రెండు మూడేళ్లు వాళ్లు ముందుకెళ్లారు, తర్వాత ఈడువాళ్లతో పోలిస్తే ఆ లాభం కరిగిపోయింది. పై తరగతుల్లో మార్కులు కాస్త మెరుగ్గా ఉన్నా, హైస్కూలు పూర్తిచేసేవారి సంఖ్య పెరగలేదు. ఆ కొద్ది లాభమైనా ఉత్తినే రాలేదు. ఆపిన పిల్లలకు వేసవి తరగతులు పెట్టారు, రోజూ గంటన్నర చదివించారు, మంచి పేరున్న టీచర్లను ఇచ్చారు.

పెద్ద తరగతుల్లో ఫలితం ఇంకా చేదుగా ఉంది. షికాగోలో ఎనిమిదో తరగతిలో ఆపిన పిల్లలు మధ్యలో బడి మానేయడం పెరిగింది. ఉరుగ్వేలో మూడు సబ్జెక్టులకు మించి తప్పిన హైస్కూలు పిల్లల్ని ఆపేవారు. అక్కడా నాలుగైదేళ్ల తర్వాత చూస్తే వాళ్లు తోటివాళ్ల కంటే తక్కువ తరగతులే చదివారు. అంటే, ఆపడం వల్ల ఏ కాస్తో మేలు కనబడింది మూడో తరగతి దగ్గర, కీడు కనబడింది ఎనిమిదో తరగతి దగ్గర. మన చట్టం గేటు పెట్టింది ఐదు, ఎనిమిది తరగతుల్లో. ఎనిమిదిలో ఆగిన పిల్లకు పదిహేనో ఏడు వస్తుంది. తనకంటే చిన్నవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చోవడానికి సిగ్గుపడుతుంది. ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది. పంతులు ఏ గ్రేడూ వేయని నష్టమిది. అమెరికాలో ఆరో తరగతి పిల్లల్ని జీవితంలో అన్నిటికన్నా ఒత్తిడి కలిగించేదేమిటని అడిగిన ఒక సర్వేలో, తల్లిదండ్రులు చనిపోవడం కన్నా, చూపు పోవడం కన్నా పైన నిలిచింది తరగతిలో ఆగిపోవడమే.

చట్టంలో ఒక రక్షణ ఉంది. తప్పిన పిల్లాడికి అదనంగా పాఠాలు చెప్పి, ఫలితాలొచ్చిన రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. కాగితం మీద బాగుంది. కానీ సిరొంచలో ఆ రెండు నెలలు దేనికి పోతాయి? ఫలితాలొచ్చేది వేసవి సెలవుల వేళ. మే నెలంతా తునికాకు సీజన్. కుటుంబం మొత్తం పొద్దున్నే అడవికి వెళ్తుంది, మధ్యాహ్నం ఇంటి ముందు కూర్చుని ఆకు కట్టలు కడుతుంది. పిల్లల చేతులు కూడా అందులో ఉంటాయి. అంతకుముందే కొన్ని ఇళ్లవాళ్లు మిరపకాయలు ఏరడానికి నది దాటి తెలంగాణ తోటలకు వెళ్లి వస్తారు, పిల్లాడికి ఆ నెలల్లో హాజరే ఉండదు. ఇలాంటి ఊళ్లో ‘ప్రత్యేక బోధన ఇచ్చాం, అయినా తప్పాడు’ అని రాసిన రిజిస్టరుకు అర్థం లేదు.

ఇప్పుడు ఒక పిల్లాణ్ని ఊహించుకుందాం. ఐదో తరగతి, మరాఠీ మాధ్యమం, లెక్కల్లో తప్పాడు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో అడగండి: పదిహేను రూపాయల నోటుబుక్కులు మూడు కొని వంద ఇస్తే ఎంత తిరిగిస్తారు? యాభై ఐదు అని నోటితోనే చెప్పేస్తాడు. అదే లెక్క మరాఠీలో రాసి ఇస్తే నోరు మెదపడు. తర్వాత మరాఠీ చదివించండి. అక్షరాలు గుర్తుపడతాడు, చిన్న మాటలు కూడబలుక్కుంటాడు, నాలుగు వాక్యాల పేరా దగ్గర ఆగిపోతాడు. ఇంతా చేస్తే ఒక్క పిల్లాడికి పది నిమిషాలు పడుతుంది. తేలిందేమిటి? వీడికి లెక్కలొచ్చు. రానిది మరాఠీ వాక్యం. ఐదో తరగతి గణితం మళ్లీ అదే మరాఠీలో ఏడాదంతా చెబితే ఈ లోటు పూడదు, వచ్చిన లెక్కే రాదేమోనన్న అనుమానం పట్టుకుంటుంది.

అతనికి కావలసింది మాటల నుంచి పేరాకు, పేరా నుంచి కథకు నడిపించే మనిషి. ప్రథమ్ సంస్థ ఉత్తరప్రదేశ్‌లో ఇదే చేసింది. మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదవగల స్థాయిని బట్టి గుంపులు చేసి, విడతల వారీ శిబిరాల్లో మొత్తం యాభై రోజుల దాకా నేర్పింది. పిల్లలు స్పష్టంగా ముందుకెళ్లారని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోల బృందం తేల్చింది. అందులో ఏ పిల్లాణ్నీ ఫెయిల్ చేయలేదు. ఏడాది కాలం వృథా చేసే బదులు జూలై నుంచి దసరా లోపు, ఇంటిల్లిపాదీ ఊళ్లోనే ఉండే రోజుల్లో ఈ పని పెట్టుకోవచ్చు.

ఇక్కడే అసలు సంగతి వస్తుంది. భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణ చెబుతోంది. అది 1956లోనే చేరింది. పొరుగున ఒడిశా 2006–07లో కోయ, కువి, సవర సహా పది గిరిజన భాషల్లో మొదటి తరగతుల చదువు మొదలుపెట్టింది. చేయాలన్న బుద్ధి ఉన్నచోట పనయింది. సరిహద్దు తెలుగు పిల్లల విషయంలో మాత్రం రాష్ట్రాలు గీసుకున్న గీత ఇవతల ఒకరు, అవతల ఇంకొకరు చూస్తూ ఊరుకున్నారు. అదే జిల్లాలోని మాడియా, గోండి గిరిజన పిల్లల కథా ఇదే. భాషలో లోటును తెలివిలో లోటుగా లెక్కగట్టి, దాని మీద ‘తప్పాడు’ అని ముద్ర కొట్టడం అన్యాయం.

కాబట్టి గడ్చిరోలి జిల్లా పరిషత్తు వచ్చే పరీక్షల లోపే చేయాల్సినవి రెండున్నాయి. గణితం, పరిసరాల పేపర్ల ప్రశ్నలను ఇంటి భాషలో చదివి వినిపించనివ్వాలి. మూడో తరగతి చివర ప్రతి పిల్లాడి చదువు స్థాయిని ఇంటి భాషలోనూ మరాఠీలోనూ చూసి రాసిపెట్టాలి. ఆ నమోదు గడి ఖాళీగా ఉన్న పిల్లాడి పేరు ఎదుట ‘అదే తరగతిలో ఉంచడమైనది’ అని రాయడానికి ఏ ప్రధానోపాధ్యాయుడికీ అధికారం ఇవ్వకూడదు.