రెండు భాషల పిల్లల మాటలు ఎలా లెక్కపెట్టాలి?

డాలస్‌లో ఉంటున్న మా మేనకోడలు పోయిన నెల ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. పాపకు రెండేళ్లు నిండాయి. డేకేర్ వాళ్లు మాటల జాబితా ఒకటి ఇచ్చి, పాప అనే మాటలకు టిక్కు పెట్టమన్నారట. జాబితా అంతా ఇంగ్లీషే. లెక్కపెడితే 26 తేలాయి. ఈ వయసుకు కనీసం 50 ఉండాలి కాబట్టి ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని సలహా ఇచ్చారు.

చాలా ఏళ్లుగా స్పీచ్ థెరపీ చేస్తున్నదాన్ని కాబట్టి నేను ముందు అడిగింది ఒకటే: తెలుగు మాటలు ఎన్ని? వాళ్లు ఆ సంగతే అడగలేదంది. రెండు రోజులు గమనించి రాయమన్నాను. పాలు, బువ్వ, తాత, రా, వద్దు... 34 వచ్చాయి. 26కి 34 కలిపితే 60. అందులో 12 జంటలు. 'పాలు' అంటుంది, 'మిల్క్' కూడా అంటుంది. ఒక్కో జంటను ఒకటిగా లెక్కేసినా ఆ పాప దగ్గర 48 సంగతులకు పేర్లున్నాయి. కానీ 50 అనే గీత మాటల లెక్క. 'పాలు', 'మిల్క్' రెండూ విడివిడిగా విని నేర్చుకున్న మాటలే కాబట్టి రెండింటినీ లెక్కలో వేయాలి. అలా చూస్తే పాప గీత దాటే ఉంది. పైగా 'తాత రా', 'మోర్ పాలు' అంటోంది. రెండు భాషలు కలిసినా అది రెండు మాటల వాక్యమే. పాప తికమక పడుతోందనడానికి అది గుర్తు కాదు.

రెండు భాషలు వినే పిల్లలు కూడా అందరిలాగే ఏడాది అటూ ఇటూగా మొదటి మాట అంటారు, రెండేళ్లకు మాటలు కలుపుతారు. తేడా కనిపించేది ఒక్కో భాషను విడిగా కొలిచినప్పుడే. పిల్లలకు ఏ భాష ఎంత ఎక్కువగా వినిపిస్తే ఆ భాషలో మాటలు అంత ఎక్కువగా వస్తాయి. మెలకువగా ఉండే సమయం రెండు భాషల మధ్య పంచుకుంటే ఒక్కోదాంట్లో కొంత తగ్గడం సహజం. బడిలో చేరేటప్పుడు ఒక్క భాషలోనే పరీక్ష పెడితే ఈ పిల్లలు వెనకబడ్డట్టు కనిపించవచ్చు కూడా.

దీనికి ఎదురు తప్పు ఇంకా ఖరీదైనది. "రెండు భాషలు కదా, మెల్లగా వస్తాయిలే" అని ఏడాది ఆగి, మూడేళ్లు దాటాక మా దగ్గరికి తీసుకొచ్చే వాళ్లున్నారు. నిజంగా ఇబ్బంది ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఏడాది నిండినా వేలితో చూపించకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, రెండేళ్లకు ఏ భాషలోనూ రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం, వీటిలో ఏది ఉన్నా ఆగకూడదు. మొదట వినికిడి పరీక్ష చేయించాలి.

ఇక తెలివి, ఏకాగ్రత మాట. రెండు భాషలు వచ్చిన పిల్లల బుర్ర చురుగ్గా ఉంటుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలం లేకపోలేదు. కెనడాలో ఎలెన్ బియాలిస్టాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లలకు కార్డులిచ్చి ముందు రంగును బట్టి, తర్వాత ఆకారాన్ని బట్టి వేరు చేయమన్నారు. రెండు భాషల పిల్లలు పాత నియమాన్ని సులువుగా వదిలి కొత్తదానికి మారారు. ఒక భాష మాట్లాడేటప్పుడు రెండోదాన్ని ఆపి ఉంచే అలవాటే ఇందుకు కారణమని వివరించారు. వినడానికి సబబుగానే ఉంది. అయితే 2019లో అమెరికాలో 9, 10 ఏళ్ల పిల్లలు సుమారు 4,500 మందిని పరిశీలిస్తే ఆ లాభం కనబడలేదు. 2015లో ఇంకో సంగతి బయటపడింది. సదస్సుల్లో వినిపించిన పరిశోధనల్లో లాభం ఉందన్నవి, లేదన్న వాటికంటే చాలా ఎక్కువగా పత్రికల్లో అచ్చయ్యాయి. లేదన్నవి చాలావరకు వెలుగు చూడనేలేదు.

మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉన్న 648 మందిని చూసి, రెండు భాషలు వచ్చిన వాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. చదువు రాని వాళ్లలోనూ తేడా కనిపించడం అందులో విలువైన విషయం. కానీ అది జీవితమంతా రెండు, మూడు భాషల్లో బతికిన పెద్దవాళ్ల సంగతి. దాన్ని చూపించి ప్లేస్కూల్ పిల్లల ఏకాగ్రత పెరుగుతుందని చెప్పడం సరికాదు. లాభం వస్తుందని నేనైతే ఏ తల్లికీ మాటివ్వను.

మా మేనకోడలికి చెప్పింది ఇంతే. తెలుగు ఆపితే ఇంగ్లీషు దానంతటదే పెరగదు, పాప రోజూ వినే మాటలే తగ్గుతాయి. అమ్మమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడటానికి ఉన్న ఒక్క భాషా పోతుంది. వినికిడి పరీక్షలో అంతా బాగానే ఉందని తేలింది. మూడు నెలల తర్వాత మళ్లీ లెక్క చూస్తాం. ఈసారి కాగితం మీద రెండు గళ్లు గీసి, ఒకదాంట్లో తెలుగు, ఇంకోదాంట్లో ఇంగ్లీషు రాయమన్నాను.