తొమ్మిదో ఎపిసోడ్ ఏది?

బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీలో శనివారం రాత్రి చిన్న గొడవ జరిగింది. గుంటూరు నుంచి వచ్చిన రూమ్మేట్ "బావా, నాలుగో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ పెట్టు, డిన్నర్ పార్టీ" అన్నాడు. అమెరికన్ సిట్‌కామ్ 'ది ఆఫీస్' గురించి. హార్డ్ డిస్క్‌లో S04E09 నొక్కితే 'లోకల్ యాడ్' మొదలైంది. ఫైల్‌కి పేరు తప్పు పెట్టారని వాడి వాదన. తప్పు ఫైల్‌ది కాదు, వాడిదీ కాదు. ఇద్దరూ లెక్క సరిగానే పెట్టారు, కాకపోతే వేరువేరు కొలతలతో.

ఈ సీజన్ 2007 సెప్టెంబర్‌లో ఎన్‌బీసీలో మొదలైంది. మామూలుగా ఈ సిట్‌కామ్‌కి అరగంట స్లాటు, యాడ్స్ తీసేస్తే ఇరవై రెండు నిమిషాల లోపు కథ. ఆ ఏడాది మాత్రం మొదటి నాలుగు ఎపిసోడ్లనూ గంట నిడివితో వేశారు: 'ఫన్ రన్', 'డండర్ మిఫ్లిన్ ఇన్ఫినిటీ', 'లాంచ్ పార్టీ', 'మనీ'. చివర్లో 'గుడ్‌బై, టోబీ' కూడా గంటే. మధ్యలో రచయితల సమ్మె వచ్చి సీజన్ కుదించుకుపోయింది. చూసేవాళ్ల లెక్కలో మొత్తం పద్నాలుగు కథలు. గంట ఎపిసోడ్‌ని రెండు అరగంటలుగా లెక్కపెడితే పంతొమ్మిది.

రెండుగా లెక్కపెట్టడం ఎవరి పిచ్చీ కాదు. అమెరికాలో పాత సీరియళ్లను రీరన్ కోసం కొనే స్థానిక ఛానళ్లకు అరగంట స్లాటే కొలత. గంట ఎపిసోడ్‌ని వాళ్లు మధ్యలో కోసి, రెండు ముక్కలకూ విడిగా టైటిల్స్ వేసి, రెండు స్లాట్లలో నడుపుతారు. 'ది ఆఫీస్'కి 201 ఎపిసోడ్లు అని మనం చదివే అంకె ఈ పద్ధతిలో వచ్చిందే. గంట కథల్ని ఒక్కటిగా పట్టుకుంటే అది పదికి పైగా తగ్గిపోతుంది.

అసలు చిక్కు మొత్తంలో కాదు, మధ్యలో ఉంది. మొదటి గంట ఎపిసోడ్ దాటగానే రెండు లెక్కలకూ ఒక అంకె తేడా వస్తుంది, నాలుగో దాని తర్వాత నాలుగు. అక్కడి నుంచి చివరిదాకా ఆ నాలుగు అలాగే ఉంటుంది. అందుకే 'లోకల్ యాడ్' ఒక లెక్కలో 5, మరో లెక్కలో 9. 'డిన్నర్ పార్టీ' 9 లేదా 13. అదే 13 మొదటి లెక్కలో 'జాబ్ ఫెయిర్'. 9 నుంచి 13 దాకా ఏ నంబర్ చూసినా రెండు లెక్కల్లోనూ అక్కడ ఏదో ఒక అరగంట ఎపిసోడ్ ఉండనే ఉంటుంది కాబట్టి ఎర్రర్ కూడా రాదు. వేరే జాబితా ప్రకారం నంబరు వేసిన సబ్‌టైటిల్ తగిలించినా ఫైల్ చక్కగా ఆడుతుంది. నిడివి కూడా దాదాపు సమానం. తెరమీద వాళ్లు ఒకటి మాట్లాడుతుంటే కింద ఇంకొకటి పడుతుంటుంది, అంతే.

మీ దగ్గరున్నది ఏ లెక్కో తేల్చాలంటే తొమ్మిదో ఫైల్ కాదు, మొదటి ఫైల్ చూడండి. నలభై నిమిషాలు దాటి, దాని తర్వాత వెంటనే E02 అని 'డండర్ మిఫ్లిన్ ఇన్ఫినిటీ' ఉంటే పద్నాలుగు లెక్క. మొదటి ఫైల్ ఇరవై నిమిషాలకే సగంలో ఆగిపోతే పంతొమ్మిది లెక్క. మొదటిది పొడవుగా ఉండి, తర్వాతది E03 అయితే అదీ పంతొమ్మిది లెక్కే. రెండోది పోయిందని చాలామంది టెన్షన్ పడి మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు. పోలేదు, మొదటి దాంట్లోనే ఉంది. మన దగ్గరున్న వీడియో ఫైళ్లను సీజన్ల వారీగా సర్ది చూపించే ప్లెక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి ఫైల్ పేరులోనే చెప్పాలి:

```
The Office (US) - s04e01-e02.mkv
```

స్పెషల్స్‌ది ఇంకో రకం తలనొప్పి. బీబీసీ 'షెర్లాక్' సీజన్‌కి మూడు చొప్పున నాలుగు సీజన్లు. కానీ మొత్తం పదమూడు అంటారు. పదమూడోది 2016 జనవరి 1న, మూడో నాలుగో సీజన్ల మధ్య వచ్చిన 'ది అబామినబుల్ బ్రైడ్'. సీజన్‌లో పట్టని వాటికి చాలా జాబితాలు 'సీజన్ సున్నా' అని ఒక గది కట్టి ఇలాంటివాటిని అందులో పడేస్తాయి. S00 ఫోల్డర్ ఎవరు తెరుస్తారు? మూడు అయిపోగానే నాలుగు నొక్కేవాళ్లే ఎక్కువ, మధ్యలో గంటన్నర కథ మిస్సవుతారు.

నా వరకు పద్నాలుగే సరైన లెక్క. 'మనీ'ని మధ్యలో కోస్తే రెండు కథలు కావు, ఒక కథకు రెండు ముక్కలు అవుతాయి. కానీ ప్లెక్స్‌కి సమాచారం ఇచ్చే జాబితాలో పంతొమ్మిది ఉంటే నా అభిప్రాయం దానికి అక్కర్లేదు, అదే నంబరు పెట్టక తప్పదు. అందుకే మా డిస్క్‌లో ఇప్పుడు నంబర్ పక్కన టైటిల్, ప్రసార తేదీ కూడా రాస్తున్నాం. 2008 ఏప్రిల్ 10 అంటే ఎవరి లెక్కలోనైనా 'డిన్నర్ పార్టీ'యే. ఆ రాత్రి మాత్రం అంత ఓపిక లేక, S04E13 నొక్కి చూసేశాం.