పద్నాలుగో తేదీ లేని దరఖాస్తు

"ఇరవై ఏళ్ల అనుభవం. టాలీ, జీఎస్టీ, టీడీఎస్ అన్నీ తెలుసు. నమ్మకంగా చేస్తాను." చిత్తూరు దగ్గర ఒక చిన్న మామిడి గుజ్జు యూనిట్‌కి ఓ ఫ్రీలాన్స్ అకౌంటెంట్ పంపిన లెటర్ ఇది. వారానికి రెండు పూటలు, రెండేళ్ల కాంట్రాక్టు కోసం. మనిషి పనిమంతుడే కానీ లెటర్ మాత్రం ఎందుకూ పనికిరాదు.

పార్ట్‌టైమ్ మనిషిని పెట్టుకునే యజమానికి ఉండే భయం ఒక్కటే: అవసరమైన రోజున ఈయన ఇంకో ఆఫీసులో ఉంటాడేమో! లెటర్ ముందు ఆ భయాన్ని తీర్చాలి.

ఆ యూనిట్ సీజన్‌లో ఓ నెల రెండు లక్షల రూపాయల డ్రమ్ములు కొన్నదనుకుందాం. 18 శాతం జీఎస్టీ అంటే 36 వేలు. నెలనెలా రిటర్ను వేసే ఆ సప్లయర్ తర్వాతి నెల 11వ తేదీలోగా తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేస్తేనే ఆ బిల్లు 14న యూనిట్ పేరు మీద తయారయ్యే కొనుగోళ్ల స్టేట్‌మెంట్ 2బీలో కనిపిస్తుంది. కనిపించకపోతే కొనుగోలుపై కట్టిన ఆ పన్నుకి ఆ నెల క్రెడిట్ రాదు. 20లోగా పన్ను కట్టే రిటర్ను 3బీ వేసేటప్పుడు ఆ 36 వేలు చేతి నుంచి కట్టుకోవాలి. తర్వాత సప్లయర్ వేస్తే క్రెడిట్ వస్తుంది, నిజమే. కానీ రైతులకు డబ్బులివ్వాల్సిన సీజన్‌లో అది చిన్న మొత్తం కాదు. 14న చూసి లబోదిబోమంటే లాభం లేదు, 8నే సప్లయర్‌కి ఫోన్ వెళ్లాలి.

కాబట్టి లెటర్‌లో ఇలా ఉండాలి: "మామూలుగా మంగళ, శుక్రవారాలు వస్తాను. 7న టీడీఎస్ కడతాను. 8 నుంచి 11 దాకా అమ్మకాల బిల్లులు సరిచూసి, జీఎస్టీఆర్-1 ఇంకా వేయని సప్లయర్లకు ఫోన్ చేస్తాను. 14 నుంచి 18 లోపు ఒక రోజు 2బీని కొనుగోళ్లతో సరిపోలుస్తాను. ఆ రోజుల్లో వేరే క్లయింట్ పని పెట్టుకోను." ఇది చదివిన యజమాని ఇక అనుభవం ఎన్నేళ్లని అడగడు.

ఇన్ని తేదీలు రాస్తే రేపు ఒక్కటి తప్పినా పట్టుకుంటారని కొందరంటారు. పట్టుకోనివ్వండి, ఫీజు తీసుకునేది అందుకేగా.

అసలు మన ఊళ్లలో రోగం ఇంకోటుంది. చాలా చిన్న సంస్థల జీఎస్టీ ఓటీపీ యజమాని ఫోన్‌కి రాదు, అకౌంటెంట్ ఫోన్‌కి వస్తుంది. టాలీ డేటా ఆయన ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఫీజు దగ్గర మాట తేడా వస్తే లెక్కలన్నీ ఆయనతోపాటే వెళ్లిపోతాయి. నా దృష్టిలో ఇది తాకట్టు వ్యాపారం. దీర్ఘకాల కాంట్రాక్టు అడిగేవాడు తనంతట తానే రాయాలి: రిజిస్టర్డ్ మొబైల్, ఈమెయిల్ మీవే, ప్రతి శుక్రవారం బ్యాకప్ మీ పెన్‌డ్రైవ్‌లో, మానేస్తే నెల ముందు చెప్పి, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో లెక్కలు సరిచూసి అప్పగిస్తాను.

ఈ మూడు మాటలు రాయడానికి వెనకాడే అకౌంటెంట్ ఎంత తక్కువకు వస్తానన్నా సరే, ఆ యూనిట్ యజమాని ఇంకొకరిని వెతుక్కోవాలి.