గేటు మీద మాట

శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఆసుపత్రి గేటుకు అతికించిన నోటీసును మా పాఠకుడొకరు ఫొటో తీసి పంపారు. పన్నెండు లైన్లున్నాయి. తొమ్మిది ‘నిషేధం’ అనో ‘అనుమతించబడదు’ అనో ముగుస్తాయి. అన్నిటికన్నా పైన, ఎర్ర అక్షరాల్లో, 2008 నాటి చట్టం: వైద్య సిబ్బందిపై దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా. ఆ చట్టం అక్కర్లేదని మేం అనం. రాత్రి డ్యూటీలో ఒక్కతే ఉన్న సిస్టర్‌కి అది ఎంత అవసరమో తెలుసు. కానీ తండ్రిని ఆటోలోంచి దింపుతున్న కొడుక్కి ఆసుపత్రి చెప్పే మొదటి మాట అదేనా? ఆ లైను కిందికి పోవాలి. చిన్నదిగా కాదు, కిందికి, అంతే.

ఆ పాఠకుడిది కవిటి వైపు పల్లె. చెన్నైలో భవన నిర్మాణ పని. నాన్న కిడ్నీ జబ్బుతో మగవాళ్ల మెడికల్ వార్డులో ఉన్నాడని తెలిసి రాత్రంతా రైల్లో వచ్చి, ఆమదాలవలసలో దిగి, పదిన్నరకి గేటు దగ్గరికి చేరాడు. నోటీసులో చూసే సమయం సాయంత్రం 4 నుంచి 6. తిరుగు రైలు మధ్యాహ్నమే. గార్డు ‘నాలుక్కి రా బాబూ’ అన్నాడు. పక్కన టీ తాగుతున్నాయన ఇరవై ఇస్తే వదుల్తారని చెప్పాడు. ఇచ్చాడు, వెళ్లాడు. గార్డును తిట్టడం తేలిక. అయితే అక్కడ నోటీసు చేసిన తప్పు పెద్దది. న్యాయమైన మినహాయింపుకు కాగితం మీద చోటు లేనప్పుడు అది గేటు దగ్గర డబ్బుకు దొరుకుతుంది. కటువుగా ఉంటేనే క్రమశిక్షణ వస్తుందనుకునేవాళ్లు ఈ ఇరవై రూపాయల లెక్క ముందు చూడాలి.

మరి గేటు బార్లా తెరవాలా? వద్దు. మన దగ్గర పరామర్శ అంటే ఇంటిల్లిపాదీ, వీధిలో నలుగురూ కూడా. ముప్పై మంచాల వార్డులో మంచానికి నలుగురు చేరితే సెలైన్ స్టాండ్ జరపడానికి చోటుండదు, దగ్గేవాడి పక్కనే ఆపరేషన్ అయినవాడు పడుకుంటాడు. కాబట్టి నిబంధన అలాగే ఉండాలి. మారాల్సింది దాన్ని చెప్పే తీరు. ప్రతి లైనులో మూడు సంగతులు కావాలి: ఏం చేయాలి, ఎందుకు, ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలి.

ఆ చట్టం కింద ఉన్న మొదటి లైను చూడండి. ‘రోగికి ఒక అటెండెంట్ మాత్రమే అనుమతించబడును.’ మన ఊళ్లలో అటెండర్ అంటే ఆఫీసులో ఫైళ్లు మోసే మనిషి. ‘ఆసుపత్రివాళ్లే ఒక అటెండర్‌ని ఇస్తార్ట’ అనుకుని ముసలాయన్ని ఒంటరిగా వదిలి వెళ్లినవాళ్లున్నారని ఒక స్టాఫ్ నర్సు మాతో చెప్పారు. ఆ లైను ఇలా ఉంటే చాలు: ‘రోగి దగ్గర మీ మనిషి ఒక్కరు రాత్రీ పగలూ ఉండొచ్చు. ఆ ఒక్కరికి పాస్ ఇస్తాం. ఇంకొకరు ఉండాలంటే, లోపలున్నవారు బయటికొచ్చి పాస్ చేతికివ్వాలి.’ నిబంధన పాతదే, ఒక్కరికి మించి లేదు. అయితే మనిషి మారొచ్చన్న సంగతి ఇప్పుడు తెలుస్తోంది.

అసలు చిక్కు రౌండ్స్ దగ్గర. పాత నోటీసు ఉదయం 9 నుంచి 11 వరకు అందరినీ బయటికి పంపింది. కారణం సరైనదే, డాక్టరు ఒక్కో రోగినీ బట్ట తొలగించి చూస్తాడు, పక్క మంచం వాళ్లు చూడకూడదు. కానీ రౌండ్స్‌లోనే మందులు మారతాయి, స్కానింగు రాస్తారు, రక్తం కావాలంటారు. డాక్టరు ‘వీళ్ల మనుషులెవరు?’ అని అడిగేసరికి ఆ మనిషి వరండా చివర బెంచీ మీద కునుకు తీస్తుంటాడు. పదకొండు తర్వాత లోపలికొస్తే డాక్టరు లేడు, సిస్టర్ వేరే మంచం దగ్గరుంటుంది. ఏ మాత్ర ఆపారో ఇంట్లోవాళ్లకి తెలియదు. దీన్ని ఇలా రాయొచ్చు: ‘9 నుంచి 11 వరకు డాక్టర్లు చూస్తారు. అప్పుడు వరండాలో ఉండండి, దూరం వెళ్లకండి. మీ రోగిని చూశాక పేరు పిలుస్తాం, అప్పుడు లోపలికొచ్చి డాక్టరు చెప్పింది వినండి.’ అయితే ‘పిలుస్తాం’ అని రాశాక పిలవాలి. అది ఎవరి పనో వార్డులో ముందే తేల్చుకోకపోతే ఈ లైను రాయకపోవడమే మేలు.

‘బయటి ఆహారం నిషేధం’ అన్న లైను ఎవరూ పాటించరు, పాటించలేరు కూడా. గంజి తెచ్చిన తల్లిని ఏ గార్డూ ఆపడు. దాంతో ఆపాల్సినవి కూడా లోపలికి వెళ్తున్నాయి. ఉద్దానం నుంచి వచ్చే బంధువులు ప్రేమగా తెచ్చేది కొబ్బరిబొండం, అరటిపళ్లు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పాడైన మనిషి ఒంట్లోంచి అది సరిగా బయటికి పోదు, రక్తంలో పెరిగితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావొచ్చు. ఒంట్లో నీరు చేరినవాళ్లకి గ్లాసుడు నీళ్లకీ కొలత ఉంటుంది. ఈ కారణం చెబితే ఏ ఇల్లాలూ మొండికెయ్యదు. ‘మీరు తెచ్చింది తినిపించే ముందు, తాగించే ముందు సిస్టర్‌కి చూపించండి. కిడ్నీ రోగికి కొబ్బరినీళ్లు, అరటిపండు కూడా హాని చేయొచ్చు.’ ఇందులో నిషేధం అన్న మాట లేదు. పని మాత్రం అవుతుంది.

ఆడవాళ్ల వార్డులో రాత్రి మగవాళ్లు ఉండకూడదన్నది కదలనివ్వకూడని లైను. ఐసీయూ, అప్పుడే పుట్టిన బిడ్డల గది కూడా అంతే. జ్వరం, దగ్గు ఉన్నవారు, చిన్న పిల్లలు అక్కడికి రాకూడదు, ఎవరు చెప్పినా సరే. కానీ ఇదే నోటీసు కాన్పు గదిని కూడా ‘ఎవరికీ ప్రవేశం లేదు’ కింద కలిపేసింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక ఆడమనిషి తోడుండొచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. అమ్మో అక్కో పక్కనుంటే ఆ పిల్లకి సగం భయం తీరుతుంది. ఆ సంగతి గేటు దగ్గరే తెలియాలి.

ఇక మినహాయింపులు. మేం రెండే అడుగుతున్నాం. ఒకటి, దూరం నుంచి వచ్చి వెంటనే తిరిగి వెళ్లాల్సినవారు: ‘వార్డు సిస్టర్ చీటీ ఇస్తే, రౌండ్స్ సమయం కాకుండా, ఒక్కరు పదిహేను నిమిషాలు చూడొచ్చు.’ బస్సు టికెట్టు చూపించమనడం అవమానం, అడగొద్దు. చీటీల లెక్క రిజిస్టరులో రాస్తే చాలు. రోజూ పేజీ నిండిపోతోందంటే జనం అబద్ధాలాడుతున్నారనుకోవద్దు. సాయంత్రం 4 అన్న టైమే ఈ జిల్లాకి సరిపోవట్లేదన్నమాట. మధ్యాహ్నం ఒక గంట పెట్టాలి. రెండోది, ఆఖరి ఘడియల్లో ఉన్నవారు: ‘ఇద్దరిద్దరు చొప్పున ఏ వేళైనా రావొచ్చు.’ దీనికి సూపరింటెండెంట్‌కి ఫోన్ అక్కర్లేదు, డ్యూటీలో ఉన్న సిస్టర్ మాట చాలాలి. ఫోన్ ఎత్తేలోపు మనిషి పోయిన ఇళ్లు ఇప్పటికే ఉన్నాయి.

నోటీసు బాగా రాసినా చదవలేనివాళ్లు చాలామంది ఉంటారు. సీతంపేట కొండల నుంచి వచ్చే సవరలు, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవాళ్లు ఆ గేటు ముందే నిలబడతారు. వాళ్లకి నోటీసంటే గార్డు నోరే. ఆ పన్నెండు లైన్లూ అతనికి కంఠతా రానక్కర్లేదు. ‘ఎవరి దగ్గరికమ్మా, ఎంత దూరం నుంచి వచ్చారు?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టమని, ఆ తర్వాత చీటీ కోసం ఏ తలుపు తట్టాలో వేలెత్తి చూపించమని చెబితే చాలు.