డౌన్ సిండ్రోమ్ పిల్లల గ్రోత్ చార్టు జబ్బును దాచదు, బయటపెడుతుంది

"డౌన్ సిండ్రోమ్ పిల్లలకు వేరే చార్టు అనేది డాక్టర్లు తప్పించుకోడానికి పెట్టుకున్న సాకు. పిల్ల పెరగలేదంటే తిండి చాలలేదనే. నెయ్యి, రాగులు, ప్రోటీన్ పొడి గట్టిగా పెట్టండి, ఏడాదిలో అందరి పిల్లల ఎత్తుకు వస్తారు. వేరే చార్టులో చూస్తే జబ్బు ఉన్నా కనపడదు."

కర్నూలు, అనంతపురం, కడప తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతోంది. అనంతపురంలో పిల్లల ఎత్తూ బరువూ కొలిచే పనిలో ఉన్నాను కాబట్టి, దీన్ని చదివి కంగారుపడే తల్లులు నాకు ఎదురవుతూనే ఉంటారు. అందుకే ఒక్కో మాటకూ సమాధానం రాస్తున్నాను.

ముందు సాకు సంగతి. అంగన్‌వాడీలో వాడే చార్టు 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది. మన ఢిల్లీతో సహా ఆరు దేశాల్లో తల్లిపాలు తాగిన ఆరోగ్యవంతులైన పిల్లలను కొలిచి దాని గీతలు గీశారు. డౌన్ సిండ్రోమ్ పిల్లల చార్టు కూడా అలా కొలిచి గీసిందే. ఇప్పుడు ఎక్కువగా వాడేది అమెరికాలోని ఫిలడెల్ఫియా పరిశోధకులు 2015లో ప్రచురించింది. 637 మంది డౌన్ సిండ్రోమ్ పిల్లలను పదేపదే కొలిచి, పుట్టినప్పటి నుంచి ఇరవై ఏళ్ల దాకా గీతలు గీశారు. అంతకుముందు 1988 నాటి చార్టు ఉండేది. దానితో పోలిస్తే కొత్తదాంట్లో మూడేళ్లలోపు పిల్లల బరువు మెరుగ్గా ఉంది. తప్పించుకోడానికి చేసిన పనైతే పాత చార్టునే ఉంచుకునేవాళ్లు, పిల్లల పరిస్థితి మారిందని మళ్లీ కొలిచేవాళ్లు కాదు.

ఇక తిండి. ఈ పిల్లల్లో ఎక్కువమందికి ప్రతి కణంలోనూ 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ ఉంటుంది. ఎముకల ఎదుగుదల వేగం మీద దాని ప్రభావం తల్లి కడుపులోనే మొదలవుతుంది. పుట్టినప్పుడు తేడా కొద్దిగానే ఉంటుంది. మొదటి మూడేళ్లలో అది పెరుగుతుంది. తర్వాత యుక్తవయసులో అందరికీ వచ్చే ఎత్తు ఊపు వీళ్లకు కాస్త ముందే వచ్చి, చిన్నగా ముగుస్తుంది. ఈ వేగం నెయ్యితో మారదు. పైగా ఈ పిల్లల ఒళ్లు విశ్రాంతిలో ఖర్చుచేసే శక్తి మిగతా పిల్లల కంటే తక్కువ. అదనంగా పెట్టింది ఎత్తులోకి పోదు, కొవ్వులోకి పోతుంది. రాగి సంగటి, పప్పు, గుడ్డు, చెనిక్కాయలు ఇంట్లో అందరితో పాటు పెట్టండి, అందులో తప్పేమీ లేదు. ప్రోటీన్ పొడి డబ్బా అవసరం లేదు.

బలవంతంగా పెట్టడంలో ఇంకో ప్రమాదముంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ పిల్లల కండరాలు మెత్తగా ఉంటాయి, మింగడం నెమ్మది. మన ఇళ్లలో కాళ్ల మీద పడుకోబెట్టి ఉగ్గు పోసే అలవాటు ఉంది కదా, అలా పోస్తే కొంత ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మాటిమాటికీ న్యుమోనియా వస్తుంటే ఈ అనుమానం కూడా పెట్టుకోవాలి. కూర్చోబెట్టి, తల నిటారుగా పట్టుకుని, కొద్దికొద్దిగా పెట్టాలి.

చివరి మాట, అంటే జబ్బు కనపడదన్నది, వాస్తవానికి పూర్తిగా తలకిందులు. ఒక ఉదాహరణ తీసుకుందాం. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక పాపకు రెండేళ్లప్పుడు పొడవు 76 సెం.మీ., బరువు 9.1 కిలోలు. మామూలు చార్టులో ఈ వయసు ఆడపిల్లలకు మధ్య గీత 86 సెం.మీ. దాటి ఉంటుంది, అట్టడుగు ఎర్రగీత 76.7 దగ్గర. కాబట్టి పాప "తీవ్రంగా పొట్టి" కింద నమోదవుతుంది. మూడేళ్లకు మళ్లీ కొలిస్తే 78.5 సెం.మీ., 11 కిలోలు. ఇప్పుడూ ఎర్రగీత కిందే, ఇప్పుడూ అదే మాట. "ముందు నుంచీ పొట్టే కదా, బరువు పెరుగుతా ఉంది కదా" అని అందరూ సర్దుకుంటారు.

ఇప్పుడు అవే అంకెలు డౌన్ సిండ్రోమ్ చార్టు మీద పెట్టి చూడండి. రెండేళ్లప్పుడు పాప ఆ గీతల మధ్య కింది సగంలో ఉంది, అందులో ఆందోళన పడాల్సింది లేదు. మూడేళ్లకు అట్టడుగుకు జారింది. ఏడాదిలో పెరిగింది రెండున్నర సెంటీమీటర్లే. ఆ వయసులో మామూలు పాప తొమ్మిది దాకా పెరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ పాప అంత పెరగకపోయినా, రెండున్నర దగ్గర ఆగకూడదు. ఎత్తు ఆగిపోయి బరువు మాత్రం పెరుగుతుంటే ముందు చూడాల్సింది థైరాయిడ్. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ, టీ4 తక్కువ వచ్చిందనుకోండి, థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదని అర్థం, మందు మొదలవుతుంది. తర్వాతి నెలల్లో పాప మళ్లీ ఎత్తు పుంజుకుని తన పాత గీత వైపు వస్తుంది. ఆ జారుడును చూపించింది వేరే చార్టే.

బరువు ముందు తగ్గి ఎత్తు తర్వాత మందగిస్తే ఆలోచన వేరేగా ఉండాలి. పాలు తాగేటప్పుడు చెమటలు పట్టి, ఆయాసపడి, మధ్యలో వదిలేసే పసిబిడ్డకు గుండె చూపించాలి. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండెలో లోపం ఉంటుంది. కొంచెం పెద్ద పిల్లల్లో కడుపు ఉబ్బరం, విడవని విరేచనాలు ఉంటే గోధుమ పడని సీలియాక్ జబ్బు కోసం పరీక్ష చేయించాలి. థైరాయిడ్ పరీక్ష మాత్రం లక్షణాల కోసం ఆగకుండా పుట్టినప్పుడు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా చేయించాలి. ఈ పిల్లల్లో నీరసం, మలబద్ధకం, పొడి చర్మం ఎటూ మామూలే కాబట్టి, థైరాయిడ్ లోపం వాటి మాటున దాక్కుంటుంది.

ఈ చార్టుకు హద్దులు లేవని నేను అనను. అది ఇలా పెరగాలి అని చెప్పే ప్రమాణం కాదు, ఇలా పెరుగుతున్నారు అని చెప్పే లెక్క. కొలిచిన పిల్లల్లో గుండె జబ్బు ఉన్నవాళ్లూ ఉన్నారు. అందుకే కింది గీత మీద ఉన్న బిడ్డ ఆరోగ్యంగా ఉందని ఆ ఒక్క కాగితం చూసి తేల్చకూడదు. లావు విషయంలో మరీ జాగ్రత్త. ఆ పిల్లల్లో చాలామంది బరువు ఎక్కువ ఉన్నవాళ్లే కాబట్టి, వాళ్లతో పోలిస్తే లావు బిడ్డ కూడా మామూలుగానే కనిపిస్తాడు. పదేళ్లు దాటాక ఎత్తుకు తగ్గ బరువును, అంటే బీఎంఐని, మామూలు పిల్లల చార్టు మీదే చూడాలి. ఎత్తుకు ఒక చార్టు, లావుకు ఇంకో చార్టు.

కొలత తప్పితే ఏ చార్టూ పనికిరాదు. రెండేళ్లలోపు పడుకోబెట్టి కొలుస్తాం, ఆ తర్వాత నిలబెట్టి. నిలబెట్టినప్పుడు అదే పాప సుమారు 0.7 సెం.మీ. తక్కువ వస్తుంది. ఒళ్లు మెత్తగా ఉండే పిల్లలు మోకాళ్లు వంచి నిలబడితే ఇంకా తగ్గుతుంది. మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి, మోకాళ్లు ఒకరు పట్టుకోవాలి. అంగన్‌వాడీ కార్డులో మామూలు చార్టు నింపనివ్వండి, అది వాళ్ల లెక్క. దానితో పాటు డౌన్ సిండ్రోమ్ చార్టు ఒకటి ప్రింట్ తీసుకుని ప్రతి కొలతనూ తేదీతో సహా అందులో చుక్క పెట్టించండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వెబ్‌సైట్‌లో అది ఉచితంగా దొరుకుతుంది. మూడు నాలుగు చుక్కలు ఒక గీత వెంబడి పోతుంటే చార్టు వరకు కంగారు లేదు, అయినా పరీక్షలు ఆపొద్దు. గీతలు దాటి కిందికి దిగుతుంటే తిండి పెంచే ముందు థైరాయిడ్ రిపోర్టు ఎప్పటిదో చూడమని డాక్టర్‌ను అడగండి.