తిరిగొచ్చే దారిలోనే పడతారు: స్ట్రీట్ లైట్, బ్లాకౌట్ కర్టెన్, నైట్ ల్యాంప్

మా అమ్మ గది కిటికీకి ఎదురుగానే స్ట్రీట్ లైట్ ఉంటుంది. పాత పసుపు లైటు తీసేసి తెల్ల ఎల్ఈడీ పెట్టిన దగ్గర్నుంచి గదంతా తెల్లారిపోయినట్టే ఉండేది. మంచం మీద పడుకుని గోడ మీద క్యాలెండర్‌లో తేదీలు చదవొచ్చు, అంత వెలుగు. అమ్మకి డెబ్బై దాటాయి, రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి లేస్తుంది, లేచాక మళ్ళీ నిద్ర పట్టడం లేదంటే బ్లాకౌట్ కర్టెన్ తెచ్చి కట్టాం. నిద్ర బాగానే పట్టింది. కానీ నాలుగో రోజు రాత్రి మంచం కోడుకి మోకాలు కొట్టుకుని దాదాపు పడబోయింది. వెళ్ళేటప్పుడు కాదు, బాత్రూమ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు.

నేను అసలు మాట్లాడాలనుకున్నది ఆ తిరిగొచ్చే దారి గురించే.

చీకట్లో చూడటానికి మన కంట్లో వేరే కణాలున్నాయి, వాటిని రాడ్ కణాలంటారు. అవి చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నిద్రలోంచి లేచినప్పుడు కళ్ళు అప్పటికే చీకటికి సిద్ధంగా ఉంటాయి కాబట్టి ఏ కాస్త వెలుగున్నా తలుపు ఎక్కడుందో, కుర్చీ ఎక్కడుందో లీలగా కనిపిస్తాయి. బాత్రూమ్‌లో సీలింగ్ లైట్ వేశామా, ఆ తెల్ల టైల్స్ మీద పడ్డ వెలుగులో రెండు నిమిషాలు ఉంటే చాలు, ఆ అలవాటంతా చాలావరకు పోతుంది. లైట్ ఆపి బయటికి అడుగుపెడితే కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడదు, పైగా ఆ టైమ్‌లో మనిషి సగం నిద్రలో ఉంటాడు, మంచం దగ్గరే కదా అని తొందరపడతాడు. ఇదివరకు అమ్మకి ఈ ఇబ్బంది ఎందుకు రాలేదంటే ఆ స్ట్రీట్ లైటే మాకు తెలియకుండా నైట్ ల్యాంప్ పని చేసిపెడుతోంది. కర్టెన్‌తో దాన్ని మూసేశాం గానీ దాని బదులు ఏమీ పెట్టలేదు. తప్పు కర్టెన్‌ది కాదు, సగం పని చేసి వదిలేసిన మాది.

మరి అంత చీకటి అవసరమా అంటే, అవసరమే. 2022లో నిద్ర, వెలుగు మీద పనిచేసే శాస్త్రవేత్తలు కలిసి ఇచ్చిన సిఫార్సు ప్రకారం పడుకున్న మనిషి కంటి దగ్గర వెలుగు, దాన్ని కొలిచే లెక్కలో, 1 లక్స్ దాటకూడదు, రాత్రి తప్పనిసరిగా లేచి పని చేసుకోవాల్సి వస్తే 10 వరకు ఫరవాలేదు. పౌర్ణమి వెన్నెల కూడా మామూలుగా ఒక లక్స్‌లో మూడో వంతుకి మించదు, దాన్నిబట్టి ఊహించుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ లక్స్ మామూలు లక్స్ కాదు, శరీరంలోని గడియారానికి ఎంత వెలుగు అందుతోందో చెప్పే లెక్క. ఆ గడియారానికి కబురు పంపే కణాలు నీలం వెలుగుకి, అంటే 480 నానోమీటర్ల దగ్గర ఎక్కువగా స్పందిస్తాయి. అందుకే నీలం పాలు ఎక్కువున్న తెల్ల ఎల్ఈడీ పాత సోడియం లైటు కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, అదే బ్రౌన్ కలిసిన ముదురు పసుపు, అంటే ఆంబర్ వెలుగైతే కంటికి దారి కనిపిస్తుంది గానీ గడియారం దాన్ని పెద్దగా పట్టించుకోదు. మనకి కావాల్సిన సందు అదే.

ముందు కర్టెన్ సంగతి. గుడ్డ ఎంత మందంగా ఉందా అని చూస్తారు అందరూ, వెలుగు మాత్రం గుడ్డలోంచి కాదు, అంచుల్లోంచి వస్తుంది. అన్నిటికంటే చెడ్డది పై అంచు, ఎందుకంటే కర్టెన్ రాడ్‌కీ గోడకీ మధ్య సందులోంచి పైకి వెళ్ళిన వెలుగు తెల్ల సీలింగ్‌కి తగిలి గదంతా పరుచుకుంటుంది. మేం చేసిందల్లా రాడ్‌ని కిటికీకి ఒక జానెడు పైకి, రెండు పక్కలా జానెడు చొప్పున బయటికి జరిపి, పక్క అంచుల్ని గోడకి వెల్క్రోతో అతికించి, పైన సందుకి అడ్డంగా ఒక సన్న చెక్క పెట్టడం. రెండు తెరలు కలిసేచోట ఒకదాని మీద ఒకటి నాలుగు వేళ్ళ మేర ఎక్కాలి. సరిపోయిందా లేదా చూడాలంటే ఫోన్‌లో లక్స్ యాప్‌ని నమ్ముకోవద్దు, అంత తక్కువ వెలుగులో అవి సరిగ్గా కొలవలేవు. లైట్లన్నీ ఆపి ఇరవై నిమిషాలు దిండు మీద తలపెట్టి పడుకోండి, తర్వాత చెయ్యి చాపి చూస్తే వేళ్ళు విడివిడిగా లెక్కపెట్టగలుగుతున్నారంటే ఇంకా ఎక్కడో కారుతోంది.

ఇప్పుడు దీపం. అది ఎంత వెలుగిస్తుందన్న దానికంటే ఎక్కడుందన్నదే ముఖ్యం. బల్బు గానీ దాని మెరుపు గానీ పడుకున్న మనిషి కంటికి నేరుగా కనపడకూడదు, అందుకని మంచం కింద, మోకాలి కంటే కిందకి పెట్టాలి. మోషన్ సెన్సర్ ఉన్నదైతే అది నేలని చూసేలా తిప్పాలి, కాళ్ళు కిందపెడితేనే వెలగాలి, పక్కకి తిరిగి పడుకున్నప్పుడల్లా వెలిగితే చీకటి కోసం పడ్డ కష్టమంతా వృథా. ఇంకో దీపం బాత్రూమ్ తలుపు పక్కన, మూడోది బాత్రూమ్ లోపల నీళ్ళు తగలని చోట, నేలకి జానెడు ఎత్తులో. కింద నుంచి ఏటవాలుగా పడే వెలుగుతో ఇంకో లాభం ఉంది, నేల మీద నీటి చుక్కలు మెరుస్తాయి, విప్పిన చెప్పు నీడ పొడుగ్గా పడి కనిపిస్తుంది. సీలింగ్ లైట్‌లో ఆ తడి ఇంత తేలిగ్గా కంటికి ఆనదు.

లోపలి దీపం విషయంలో మేం ఒకసారి దెబ్బతిన్నాం. వెలుగుంటే ఆరిపోయి చీకటైతే వెలిగే రకం తెచ్చాం. ఎవరైనా అలవాటు కొద్దీ సీలింగ్ లైట్ వేస్తే ఇది ఆరిపోతుంది, సీలింగ్ లైట్ ఆపాక మళ్ళీ వెలగడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది, సరిగ్గా గడప దాటే క్షణంలో! అందుకని బాత్రూమ్‌లో రాత్రంతా వెలిగే చిన్న ఆంబర్ దీపమే మంచిది, తలుపు దగ్గరగా వేసుకుంటే గదిలోకి వెలుగు రాదు. సీలింగ్ లైట్ స్విచ్ మీద అమ్మ కోసం ఒక టేపు ముక్క అతికించాం, చేతికి తగలగానే గుర్తొస్తుందని.

చాలామంది ఎర్ర దీపం పెట్టమంటారు. గడియారానికి, రాడ్ కణాలకి అదే మేలు, నిజమే. కానీ వయసు పెరిగేకొద్దీ కంటి లెన్స్ పసుపెక్కుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, రెటీనా దాకా చేరే వెలుగే తగ్గిపోతుంది. మసక ఎర్ర వెలుగులో అమ్మకి మెట్టు అంచు ఆనలేదు, అందుకే ఆంబర్‌కి మారాం, మెట్టు అంచుకి తెల్ల టేపు వేశాం. నిద్రా, అమ్మ తుంటి ఎముకా అని ఎంచుకోవాల్సి వస్తే నేను కాస్త ఎక్కువ వెలుగే ఎంచుకుంటాను. అర్ధరాత్రి మందు వేసుకోవాల్సినవాళ్ళు మాత్రం ఈ వెలుగులో మాత్రల రంగు చూసి వేసుకోవద్దు, రంగులు సరిగ్గా తెలియవు.

ఇక ఆ స్తంభం సంగతి. దారి మీద పడాల్సిన వెలుగు మన పడగ్గదిలో ఎందుకు పడాలి? దీపానికి ఇంటి వైపు చిన్న రేకు అడ్డు పెడితే చాలావరకు ఆగిపోతుంది, రోడ్డుకి పెద్దగా తగ్గేదేమీ ఉండదు. వీధి దీపాల వెలుగు రంగు 3000 కెల్విన్‌కి మించకుండా, అంటే మరీ తెల్లగా కాకుండా ఉండాలని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లోనే చెప్పింది. లైట్లు తీసేయమని ఎవరూ అడగట్లేదు, కిందకి తిప్పమని, అడ్డు పెట్టమని, కాస్త పసుపుగా ఉండేవి వేయమని మాత్రమే. ఇది రాతపూర్వకంగా అడగాల్సిందే, ఇంటింటా కర్టెన్ కొనుక్కోమనడం కంటే స్తంభానికి ఒక రేకు బిగించడం చవక.

అప్పటిదాకా ఇంకొకటి చూసుకోండి. కరెంట్ పోయిన రాత్రి ప్లగ్ దీపాలూ ఆరిపోతాయి, స్ట్రీట్ లైటూ ఆరిపోతుంది, కర్టెన్ మాత్రం మూసే ఉంటుంది. అందుకే మా మంచం కింద దీపం బ్యాటరీది పెట్టాం, నెలకోసారి చీకట్లో కాలు కిందపెట్టి వెలుగుతోందో లేదో అమ్మే చూస్తుంది.