లంచ్ మానేసి ప్రొటీన్ డబ్బా అడుగుతున్న మా అమ్మాయి గురించి కోచ్ సార్‌కి

కోచ్ సార్‌కి నమస్కారం.

ఈ ఉత్తరం మీ చేతికి ఇచ్చాను. పాపను అడిగి, తను సరేనన్నాకే స్కూల్ పేరు, మీ పేరు లేకుండా ఇక్కడ కూడా పెడుతున్నాను. పిల్లల్ని గ్రౌండ్‌కి పంపే ఇంకొందరి ఇళ్లలోనూ "అమ్మా, వే ప్రొటీన్ కొనిపెట్టవా" అనే మాట మొదలయ్యే ఉంటుంది. వాళ్లూ చదవాలి.

మా అమ్మాయికి పదిహేనేళ్లు. 800 మీటర్లు పరిగెడుతుంది. మీ దగ్గరికి వచ్చాకే దానికి పరుగు మీద ఇష్టం కుదిరింది, ఆ సంగతి మేమెప్పుడూ మర్చిపోం. కానీ కొంతకాలంగా లంచ్ బాక్స్ ఖాళీగా, పైగా శుభ్రంగా కడిగి వస్తోంది. చారు మరక లేదు, మూత అంచున ఒక్క మెతుకు లేదు. ఇంట్లో తిన్న కంచం తీయని పిల్ల స్కూల్లో బాక్స్ కడగడమేంటని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. అన్నం ఫ్రెండ్స్‌కి పెట్టేసి, మిగిలింది పారబోసి, నాకు అనుమానం రాకుండా కడిగేస్తోందట. ఎందుకే అంటే, "సోమవారం బరువు చూస్తారు కదమ్మా" అంది.

సార్, ప్రతి సోమవారం అందరి ముందు బరువు చూసి, ఆ అంకెలు గోడ మీద చార్ట్‌లో రాస్తున్నారు. కిలో తగ్గితే రెండు సెకన్లు తగ్గుతాయని మీరు అన్నారట. పెద్ద అథ్లెట్ల విషయంలో ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు. ఈ వయసు ఆడపిల్లలకు మాత్రం అది వర్తించదు. పదమూడు నుంచి పదహారేళ్ల మధ్య తుంటి వెడల్పవుతుంది, ఒంట్లో కొంత కొవ్వు చేరుతుంది, బరువు పెరుగుతుంది. ఎదుగుదల అంటే అదే. ఆ ఏడాది, ఏడాదిన్నర టైమింగ్ ఆగిపోవచ్చు, కాస్త వెనక్కి కూడా పోవచ్చు. ఒళ్లు కుదురుకుని, బలం వచ్చాక మళ్లీ మెరుగవుతుంది. ఆ మధ్యకాలంలో తిండి కోస్తే ఆ బలం వచ్చే దారే మూసుకుపోతుంది.

మా పాప లెక్కే చూడండి. బరువు 46 కిలోలు. అందులో కొవ్వు తీసేస్తే ఎముక, కండ, అవయవాలు అన్నీ కలిపి సుమారు 37 కిలోలు. పొద్దున ఇడ్లీలు, సాయంత్రం ఒక పండు, రాత్రి కొంచెం అన్నం, పెరుగు. అంతా కలిపితే 1,400 కేలరీలు దాటదు. మీ రెండు గంటల ప్రాక్టీస్‌కి దాదాపు 500 ఖర్చవుతాయి. మిగిలిన 900తోనే గుండె కొట్టుకోవాలి, ఎముక పెరగాలి, నెలసరి రావాలి, చదువు సాగాలి. 900ని 37తో భాగిస్తే కిలోకి 24 కేలరీలు వస్తుంది. 45 దగ్గర ఉంటే ఒళ్లు హాయిగా పనిచేస్తుంది, 30 కన్నా కిందకి పడి అలాగే కొనసాగితే ఒక్కొక్క పనీ ఆపుకుంటూ వస్తుందని క్రీడా వైద్యులు చెప్తారు. దీన్ని రెడ్-ఎస్ అంటారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే ఈ పేరుతో పత్రం విడుదల చేసింది. అందరికీ ఒకే గీత దగ్గర సమస్య మొదలవ్వదు, నా లెక్క కూడా ఉజ్జాయింపే. కానీ ఆ లంచ్ ఒక్కటి తింటే 600 కేలరీలు కలుస్తాయి, కిలోకి 40కి వచ్చేస్తుంది. పోయింది ఆ ఒక్క పూటే సార్.

ఒళ్లు ముందుగా ఆపేవాటిలో నెలసరి ఒకటి. మా పాపకి మూడు నెలలుగా రాలేదు. గట్టిగా ప్రాక్టీస్ చేసే అమ్మాయిలకి అలాగే అవుతుందట, మంచిదేనట అని గ్రౌండ్‌లో పిల్లలు అనుకుంటున్నారు. ఈ అపోహను మీరే పోగొట్టాలి. ఆడపిల్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గిపోతే ఎముక గట్టిపడదు. జీవితాంతం వాడుకునే ఎముకలో ఎక్కువ భాగం ఈ వయసులోనే చేరుతుంది. దాని ఎడమ కాలి ముందు ఎముక మీద ఒకేచోట, వేలు పెట్టి నొక్కితే అరిచేంత నొప్పి ఉంది. పిక్క పొడవునా లాగినట్టుండే నొప్పి వేరు, అది రెండు రోజుల విశ్రాంతితో తగ్గొచ్చు. ఒక్క బిందువు దగ్గర నొప్పి, రాత్రి పడుకున్నా సలుపు ఉంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నని పగులు కావచ్చు. మీరు ఐస్ పెట్టి పరిగెత్తమన్నారట. దయచేసి ఇంకెవరికీ అలా చెప్పకండి. 2 నిమిషాల 31 సెకన్లలో పరిగెత్తిన పిల్ల ఇప్పుడు 2:38కి వచ్చింది. బరువు మాత్రం తగ్గింది.

ఇక పౌడర్ సంగతి. సీనియర్లు తాగుతున్నారని, "సార్ వద్దనలేదు" అని అడుగుతోంది. వే ప్రొటీన్‌తో పాటు కొవ్వు కరిగించే క్యాప్సూల్స్ కూడా కావాలట. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 13-15 ఏళ్ల అమ్మాయికి రోజుకి 43 గ్రాముల ప్రొటీన్ చాలు. ఆటగత్తెకి ఇంకాస్త ఎక్కువే వేసుకుందాం. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, గుప్పెడు పల్లీలు కలిపితేనే 35 గ్రాములు వస్తాయి. పైన పప్పు, పెరుగు ఉండనే ఉన్నాయి. అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండ కోసం ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని స్పష్టంగా చెప్పింది. అసలు లంచ్ మానేసి స్కూప్ తాగితే ఏమవుతుంది? కేలరీలు చాలనప్పుడు ఒళ్లు ఆ ప్రొటీన్‌లో చాలా భాగాన్ని ఇంధనంగా కాల్చేస్తుంది. అన్నం చేయాల్సిన పనిని వేలు పోసి కొన్న పౌడర్‌తో చేయిస్తున్నామన్నమాట.

క్యాప్సూల్ ఇంకా ప్రమాదం. మీకు 2011 గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఏడాది కామన్వెల్త్, ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన మన 4×400 రిలే అమ్మాయిల్లో ముగ్గురు స్టెరాయిడ్ పరీక్షలో దొరికారు. విదేశీ కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ సప్లిమెంట్‌లో కల్తీ ఉందని మొత్తుకున్నారు. కోచ్ ఉద్యోగం పోయింది. అమ్మాయిలకి ఏడాది నిషేధం పడింది, క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. డోపింగ్ నియమాల్లో ఎవరిచ్చారన్నది తర్వాత, ఒంట్లో దొరికితే ముందు బాధ్యత క్రీడాకారిణిదే. దేశం తరఫున ఆడిన వాళ్లకే ఆ గతి పట్టిందంటే, సీనియర్ అన్న చేతిలో విడిగా పోసిన క్యాప్సూల్ మింగే పదో తరగతి పిల్లని ఎవరు కాపాడతారు?

పాపని డాక్టర్‌కి చూపిస్తున్నాం. కాలికి స్కాన్, రక్తంలో హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్, విటమిన్ డి, థైరాయిడ్ చూస్తామన్నారు. ఐరన్ అవసరమైతే డాక్టర్ రాస్తారు, అది వేసుకుంటుంది. ఆ రిపోర్ట్‌లు మీకూ చూపిస్తాను. తేలేదాకా అది పరిగెత్తదు, మైదానంలో కూర్చుని చూస్తుంది, అందుకు ఒప్పుకోండి.

మీరు చేయగలిగింది చాలా ఉంది. బరువు చార్ట్ తీసేయండి, అవసరమైతే డాక్టరో నర్సో గదిలో విడిగా చూస్తారు. పన్నెండూ ముప్పావుకి లంచ్, నాలుగుంపావుకి ప్రాక్టీస్. అన్నం అరగడానికి ఆ మూడున్నర గంటలు చాలు, కడుపు బరువుగా ఉంటుందన్న భయం అక్కర్లేదు. మూడూ ముప్పావుకి ఒక అరటిపండు, పల్లీ చిక్కీ తినడానికి ఐదు నిమిషాలివ్వండి. ఖర్చు మేం నలుగురు తల్లులం చూసుకుంటాం, మాట్లాడుకున్నాం. నెలసరి సంగతి అమ్మాయిలు మీతో చెప్పలేరు, వాళ్ల సోషల్ టీచర్ మేడమ్ అడుగుతానన్నారు, మీరు ఊ అంటే చాలు.

ఇంకొక్కటి. మా మాట కన్నా మీ మాటే వాళ్లకి వేదం. "లంచ్ తినని వాళ్లు ఈరోజు ట్రాక్ ఎక్కొద్దు" అని మీరు ఒక్కసారి అనండి. మా పిల్లే కాదు, ఆ బ్యాచ్‌లో బాక్సులు కడుగుతున్న మిగతా ఇద్దరు కూడా తింటారు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయను, మీకు విడిగా చెప్తాను.